పాత్ర పేరులోనే క్లూ దాచాలంటే: అక్షరాల తారుమారు, అర్థాల మాటు

ప్రశ్న: "మొదటిసారి మర్డర్ మిస్టరీ నవల రాస్తున్నాను. హంతకురాలు వేరే పేరుతో ఆ ఇంట్లో ఉంటుంది. ఆమె అసలు పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి మారుపేరు పెట్టి, దాన్నే క్లూగా వాడదామని ఉంది. తెలుగులో ఒత్తులూ దీర్ఘాలూ అడ్డొచ్చి ఏదీ కుదరడం లేదు. కుదిరినా చదివేవాళ్ళు ముందే పట్టేస్తారేమోనని టెన్షన్. దానికంటే పేరుకున్న అర్థంతో క్లూ ఇవ్వడం మేలా?"

తెలుగులో ఇది బాగానే కుదురుతుందండీ. కాకపోతే ఇంగ్లీషు పద్ధతిలో హల్లునీ అచ్చునీ విడగొట్టకండి. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలుపుకుని ఒక్కో అక్షరాన్ని ఒక్కో బిళ్ళ అనుకోండి. బిళ్ళ లోపల ఏమీ కదపకుండా వాటి వరుస మాత్రమే మార్చండి. మూడు నాలుగు అక్షరాల పేరు తీసుకోండి. ఇంకో షరతు కూడా ఉంది, నా లెక్కలో అదే ముఖ్యం: ఆ తారుమారు చేసింది రచయిత కాదు, కథలోని మనిషి అయ్యుండాలి. అర్థంతో కూడా క్లూ ఇవ్వచ్చు గానీ దాని బలం తక్కువ. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ షరతు గురించి. నేను డిటెక్టివ్ కథలు రాస్తాను, కొత్తవాళ్ళ రాతప్రతులు కూడా దిద్దుతుంటాను. పేర్లతో క్లూలు పెట్టిన ప్రతుల్లో ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. ఉదాహరణకి 'రమణ' అనే పేరు చూడండి. మొదటి రెండక్షరాలు అటూ ఇటూ అయితే 'మరణ'. ఇది కనపడగానే రచయితకి ఉత్సాహం వచ్చేస్తుంది, హంతకుడికి ఆ పేరు పెట్టేస్తాడు. చివర్లో డిటెక్టివ్ గంభీరంగా "రమణ అనే పేరులోనే మరణం దాగుంది" అంటాడు. అప్పుడు చదివేవాడికి ఒక ప్రశ్న వస్తుంది. ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మానాన్నా కదా? ఉయ్యాల్లో ఉన్న పిల్లాడు పెద్దయ్యాక హత్య చేస్తాడని వాళ్ళకెలా తెలుసు? డిటెక్టివ్‌కి ఆ పేరు దేనికీ సాక్ష్యం కాదు. అది రచయిత పాఠకుడికి కొట్టిన కన్ను, అంతే.

మారుపేరు అలా కాదు. దాన్ని ఒక మనిషి, ఒక రోజు, ఒక కారణంతో ఎంచుకుంటుంది. ఎంచుకునేటప్పుడు మనసులో ఉన్నది ఆ పేరులోకి జారుతుంది. పాత పేరుని పూర్తిగా వదులుకోలేకపోవడం, ఎవరూ పట్టుకోలేరన్న ధీమా, ఎవరైనా పట్టుకుంటే బాగుండునన్న ఆశ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందుకే మారుపేరుని డిటెక్టివ్ న్యాయంగా విప్పచ్చు. మీ కథలో ఉన్నది మారుపేరే కాబట్టి మీరు సరైన చోటే మొదలుపెట్టారు. రాసే ముందు ఒక్క వాక్యం మీ నోట్సులో రాసి పెట్టుకోండి: "ఈమె పూర్తిగా కొత్త పేరు పెట్టుకోకుండా పాత అక్షరాలే ఎందుకు వాడింది?" దానికి జవాబు లేకపోతే ఎంత అందమైన తారుమారైనా వదిలేయండి.

ఇక అక్షరాల పని. వాల్మీకి కథలో 'మరా మరా' అని ఆపకుండా జపిస్తే 'రామ రామ' అయింది కదా. అక్కడ మారింది 'మ', 'రా' అన్న రెండు అక్షరాల వరుసే. దీర్ఘం 'రా' మీదే ఉండిపోయింది. మనవాళ్ళ చెవికి సహజంగా పట్టే తారుమారు ఇదే. 'నీరజ' తీసుకోండి. నీ, ర, జ. మూడక్షరాలకి ఆరే వరుసలు ఉంటాయి: నీరజ, నీజర, రనీజ, రజనీ, జనీర, జరనీ. ఆరింటిలో పేర్లుగా నిలబడేవి రెండే, నీరజ, రజనీ. రెండూ మామూలు పేర్లు, దేన్ని చూసినా అనుమానం రాదు. మీకు కావాల్సింది సరిగ్గా ఇలాంటి జంట.

నాలుగక్షరాలైతే వరుసలు ఇరవై నాలుగు. కాగితం మీద ఓపిగ్గా రాసి చూసుకోవచ్చు. అయిదైతే 120. అక్కడికి వచ్చేసరికి పాఠకుడు మనసులో తిప్పి చూడలేడు. మీరు విప్పి చెప్పినా "అవునా, సరే" అంటాడే తప్ప "అయ్యో, నా కళ్ళముందే ఉందే" అనడు. మనకి కావాల్సింది రెండోదే.

ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నది ముందే చూసుకోండి. పొల్లుతో ముగిసే పేర్లు, అంటే కిరణ్, మోహన్ లాంటివి, ఈ పనికి రావు. పొల్లక్షరం పేరు మొదట్లో నిలబడదు, మధ్యలోకి తెస్తే పక్క అక్షరానికి ఒత్తుగా అంటుకుంటుంది. విశ్వ, పద్మ లాంటి వాటిలో ఒత్తక్షరాన్ని ముందుకు తెస్తే పలకడానికే ఇబ్బంది. రావు, అమ్మ, దేవి లాంటి తోకల్ని లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టండి. రెండు పేర్లకీ ఒకే తోక ఉన్నా, ఒకదానికి లేకపోయినా ఎవరూ తప్పు పట్టరు.

దీర్ఘం విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. 'నీలిమ'ని వెనక నుంచి చదివితే 'మలినీ'. 'మాలిని' అన్న పేరుకి దగ్గరగా వచ్చింది కానీ దీర్ఘం 'నీ' మీద నుంచి 'మా' మీదకి దూకాలి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాని క్లూగా బలహీనం. దీర్ఘాలు గెంతవచ్చని ఒప్పుకుంటే ఇంకో పది పేర్లు కూడా సరిపోతాయి. డిటెక్టివ్ "అందుకే మాలినే నీలిమ" అన్నప్పుడు పాఠకుడు "అదెలా?" అంటాడు. బిళ్ళ లోపల కదపకూడదని మొదట్లో చెప్పింది ఇందుకే.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. జనం రాసేది 'రజని' కదా, 'రజనీ' కాదు కదా? నిజమే. గుడితో 'రజని' అని రాస్తే అక్షరాలు సరిపోవు. గుడిదీర్ఘం ఉండి తీరాలి. దీన్ని చూసి జంటని పారేయకండి. నేనైతే క్లూని సరిగ్గా ఇక్కడే పెడతాను. ఈ ఒక్క జంటతో కథ ఎలా అల్లచ్చో కొంచెం వివరంగా చెప్తాను.

ఒక పెద్ద ఇల్లు. వృద్ధుడైన వ్యాపారి మంచం పట్టాడు. ఆయన్ని చూసుకోవడానికి రజనీ అనే నర్సు వచ్చి చేరింది. ఆయన హత్యకి గురవుతాడు. చాలా ఏళ్ళ కిందట ఆయన భాగస్వామి ఇల్లు కాలిపోయింది, అందులో భాగస్వామి కుటుంబమంతా పోయిందని అందరి నమ్మకం. ఆ కుటుంబంలోని చిన్నపిల్ల నీరజ. ఆ పిల్ల బతికింది, నర్సుగా తిరిగొచ్చింది. ఇదీ రహస్యం.

మొదటి అధ్యాయంలోనే నర్సు పేరు వచ్చేయాలి, అదీ పనిలో భాగంగా. జీతాల పుస్తకంలో గుమాస్తా "రజని" అని రాస్తాడు. ఆమె పెన్ను తీసుకుని దీర్ఘం తగిలించి, "రజనీ అండీ" అంటుంది. గుమాస్తా నవ్వుకుంటాడు, సన్నివేశం జీతం మాటల్లోకి జారిపోతుంది. చదివేవాడు దీన్ని ఆమె స్వభావంగా తీసుకుంటాడు, కాస్త పట్టింపు మనిషి అనుకుంటాడు. ఇంకా నాలుగైదు అధ్యాయాలు గడిచాక మందుల చీటీ మీద ఇంకొకరు మళ్ళీ గుడితో రాస్తే, ఈసారి ఆమె ఏమీ అనకుండా దిద్దుతుంది. రెండుసార్లు చాలు. మూడోసారి పెడితే వేలెత్తి చూపించినట్టే.

ఇప్పుడు పాత పేరు. ఆ నర్సు కనపడే సన్నివేశాల దరిదాపుల్లో కూడా 'నీరజ' అన్న మాట రాకూడదు. దాన్ని మూడో నాలుగో అధ్యాయంలో, పాత ఫొటో వెనకాల నలుగురి పేర్ల మధ్య పెట్టండి. ఆ నలుగురిలో పాఠకుడి దృష్టి వేరే పేరు మీదకి పోవాలి. తండ్రి పేరు పక్కన ఏదో అంకె ఉందనుకోండి, అందరూ దాని వెంట పడతారు. తారుమారైన రెండు పేర్లూ రహస్యం విప్పేదాకా ఒకే పేజీలో కనపడకూడదు. పక్కపక్కన కనపడితే కన్ను దానంతటదే పోల్చేస్తుంది.

తర్వాత తాళంచెవి. పేరులో అక్షరాలు కదిలించవచ్చన్న ఆలోచన కథలో ఎక్కడో ఒకచోట, వేరే సందర్భంలో, పాఠకుడికి అందాలి. అది లేకుండా చివర్లో విప్పితే మోసం చేసినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉందనుకోండి, పేరు మానస. అన్నతో వాటా కోసం కొట్లాడుతూ "నా పేరు తిప్పితే సమాన, కాబట్టి సగం నాది" అంటుంది. మా, న, స. స, మా, న. అందరూ నవ్వుతారు. అది పిల్లల గొడవగా ముగుస్తుంది కానీ పద్ధతి మొత్తం పాఠకుడి చేతిలో పెట్టేసినట్టే. ఈ సన్నివేశంలో నర్సు ఉండచ్చా? ఉండచ్చు. నేనైతే ఉంచుతాను, కానీ ఆమె స్పందన రాయను. "రజనీ ఉలిక్కిపడింది" అని రాస్తే మీ నవల అక్కడే అయిపోయింది.

నీరజ, రజనీ జంటలో ఇంకో సౌకర్యం ఉంది. మొదటి అక్షరం చివరికి వెళ్ళింది, అంతే. అంటే పేరుని ఆపకుండా పలికితే రెండో పేరు దానంతటదే వినపడుతుంది: నీరజనీరజనీరజ. చిన్నప్పుడు ఆ పిల్ల తాడాట ఆడుతూ తన పేరే పాడుకునేదని ముసలి వంటమనిషికి గుర్తుండచ్చు. డిటెక్టివ్ ఆ పాట విన్న అధ్యాయంలో పాఠకుడూ వింటాడు. కంటికి కాక చెవికి క్లూ ఇచ్చే అవకాశం అన్ని పేర్లకీ దొరకదు. మీ నవల ఆడియోగా వచ్చే వీలుంటే ఇలాంటి జంటనే వెతుక్కోండి, వినేవాళ్ళకి మిగతా రకం తారుమార్లు అందవు.

డిటెక్టివ్ దారి ఎలా ఉంటుందో చూడండి. అతను పేరు నుంచి మొదలుపెట్టడు. కొత్తగా వచ్చిన నర్సుకి చీకట్లో మెట్ల దగ్గర స్విచ్ ఎక్కడుందో తెలుసు. పాతకాలపు అలమరా తలుపు ఎత్తి లాగితేనే తెరుచుకుంటుందని తెలుసు. కాబట్టి ఆమె ఈ ఇంటికి ఇదివరకు వచ్చిన మనిషి. వయసుని బట్టి చిన్నప్పుడు వచ్చి ఉండాలి. అప్పట్లో ఆ ఇంటికి వచ్చిపోయిన పిల్లలెవరు? ఫొటో. నీరజ. అప్పుడు గుమాస్తా పుస్తకంలో కొట్టేసి దిద్దిన ఆ దీర్ఘం గుర్తొస్తుంది. ఆమెకి ఆ గీత ఎందుకంత ముఖ్యం? అది లేకపోతే ఆ పేరు తనది కాదు కాబట్టి.

చూశారా, ఇక్కడ పేరు రుజువు కాదు. మూడక్షరాల పోలిక యాదృచ్ఛికం కావచ్చు, ఏ లాయరైనా కొట్టిపారేస్తాడు. వేరే దారిలో చేరుకున్న అనుమానాన్ని పేరు గట్టిపరుస్తోంది. నేను ప్రతులు దిద్దేటప్పుడు చేసే పరీక్ష ఇదే. పేరు క్లూని పూర్తిగా కొట్టేసి చదువుతాను. అప్పటికీ డిటెక్టివ్ హంతకుణ్ణి పట్టుకోగలగాలి. తర్వాత పేరు క్లూ ఒక్కటే ఉంచి మిగతావి లేవనుకుని చూస్తాను. అప్పుడు పట్టుకోలేకపోవాలి. రెండో పరీక్షలో కూడా పట్టుకోగలిగితే మీ కథ మొత్తం ఒక పదకేళి మీద నిలబడిందన్నమాట.

ఇక "ముందే పట్టేస్తారేమో" అన్న టెన్షన్. కొంతమంది పట్టేస్తారు. మిస్టరీలు బాగా చదివేవాళ్ళు పేర్లని తిప్పి చూడటం అలవాటు చేసుకున్నారు. వాళ్ళకోసమే రమణని వాడండి. నిజంగానే, ఆ పేరుతో ఒక పాత్ర పెట్టండి, వ్యాపారి మేనల్లుడో ఎవరో, డబ్బు అవసరం ఉన్నవాడు. పేర్లు తిప్పే పాఠకుడు 'మరణ' చూసి ఎగిరి గంతేస్తాడు. కథలోనే ఒక కానిస్టేబుల్ ఆ మాట అంటాడు. డిటెక్టివ్ "ఆ పేరు వాళ్ళమ్మ పెట్టిందయ్యా, అతను పెట్టుకోలేదు" అంటాడు. చూడ్డానికి జోకే, కానీ మొత్తం చిక్కుముడికి సూత్రం అదే: పెట్టిన పేరు కాదు, పెట్టుకున్న పేరు చూడు. తెలివైనవాడు అక్కడ ఆగి, ఈ ఇంట్లో పేరు 'పెట్టుకున్నవాళ్ళు' ఎవరని ఆలోచించాలి. ఆలోచించి పట్టుకుంటే పట్టుకోనివ్వండి, అది అతను సంపాదించుకున్నది.

పేరు బలవంతంగా ఉంటే మాత్రం ఎవరైనా పట్టేస్తారు. ఒక ప్రతిలో కవిత అనే పాత్ర 'తవిక' అన్న పేరుతో తిరిగొచ్చింది. ఆ మాట ఇప్పటికే జోకుగా అందరి నోళ్ళలో ఉంది, రెండో పేజీలోనే అయిపోయింది. మారుపేరు మీద ఎవరికీ రెండోసారి చూపు నిలవకూడదు. మీ ప్రతిని చదివిపెట్టే స్నేహితులకి క్లూ ఉందని చెప్పకండి. మొదటి కొన్ని అధ్యాయాలు ఇచ్చి, తర్వాత గుర్తున్న పేర్లన్నీ రాయమనండి. నర్సు పేరు అందరికీ గుర్తుండాలి, ఎవరికీ వింతగా అనిపించి ఉండకూడదు. పేరే గుర్తులేకపోతే చివర్లో విప్పినా దెబ్బ తగలదు.

అర్థంతో క్లూ సంగతి. నీరజ అంటే నీటిలో పుట్టినది, తామర. అదే అర్థంతో ఆమె 'సరోజ' అనో 'జలజ' అనో పేరు పెట్టుకోవచ్చు. చదవడానికి హాయిగా ఉంటుంది, దీర్ఘాల గొడవ లేదు, మన పాఠకుడికి పర్యాయపదాలు తెలుసు. చిక్కల్లా ఒక్కటే. తామర పేరున్న ఆడవాళ్ళు లెక్కలేనంతమంది. పద్మ, కమల, అంబుజ, వనజ, నళిని, ఎవరైనా కావచ్చు. కాబట్టి ఒంటరి పేరుతో ఈ క్లూ నిలబడదు. అర్థంతోనే చేయాలనుకుంటే ఒకే సూత్రంతో ఇద్దరి పేర్లు మార్చండి. తండ్రి భాస్కర్ దినకర్‌గా, కూతురు నీరజ సరోజగా మారితే, సూర్యుడు సూర్యుడుగానే, తామర తామరగానే ఉండిపోయాయి. ఒకరైతే యాదృచ్ఛికం అనచ్చు, ఇద్దరూ ఒకే తీరున మారితే అది ఒక మనిషి ఆలోచన.

ఇందులో ప్రమాదం కూడా అదే, కథకి అది మంచిదే అనుకోండి. అజ్ఞాతవాసంలో పాండవులు పైకి కంకుడు, వలలుడు, బృహన్నల అంటూ వేర్వేరు పేర్లు పెట్టుకున్నా, తమలో తాము పిలుచుకోవడానికి జయ, జయంత, విజయ, జయత్సేన, జయద్బల అని అయిదూ ఒకే మాట చుట్టూ అల్లుకున్నారు. పిలుచుకోవడానికి గుర్తుండేలా ఉంటుంది. కానీ మన డిటెక్టివ్ లాంటివాడి చెవిన రెండు పడితే మిగతా మూడూ వెతుక్కుంటాడు. మీ కథలో ఇద్దరు ముగ్గురు కలిసి పేర్లు మార్చుకుని ఉంటే ఈ దారి తారుమారు కంటే మేలు. మీరు చెప్పినదాంట్లో ఒక్కామే ఉంది కాబట్టి అక్షరాలే వాడండి.

ఇంటిపేరు పొడి అక్షరంతో ఆడేది ఇంకో రకం ఉంది. అగాథా క్రిస్టీ 'అండ్ దెన్ దేర్ వర్ నన్'లో యు. ఎన్. ఓవెన్ అన్న పేరు కలిపి చదివితే 'అన్‌నోన్' అవుతుంది. తెలుగులో కావాలంటే 'ఎ. వరూధిని' అని పెట్టి చూడండి, మధ్యలో చుక్క తీసేస్తే 'ఎవరూ' బయటపడుతుంది. అలాంటి మనిషి అసలు ఎవరూ లేరన్నమాట. కాకపోతే ఇది కనపడటానికే ఉన్న క్లూ. ఓవెన్ పేరుని ఆ నవల్లో పాత్రలే మొదట్లో విప్పేస్తాయి, కథ అక్కడి నుంచి ఊపందుకుంటుంది. హంతకురాలిని చివరిదాకా దాచడానికి మాత్రం ఇది పనికిరాదు.

విప్పే సన్నివేశం పొట్టిగా రాయండి. డిటెక్టివ్ మూడు చీటీల మీద నీ, ర, జ అని రాసి, మొదటి చీటీని తీసి చివర పెడితే చాలు. దానికి పైన ఒక పేరా వివరణ కావాల్సి వస్తోందంటే తారుమారు మరీ వదులుగా ఉందని అర్థం, జంట మార్చుకోండి.

చివరగా అచ్చు పని. ప్రూఫులు దిద్దేవాళ్ళకి 'రజనీ' కనపడితే చెయ్యి ఊరుకోదు, 'రజని' అని మార్చేస్తారు. సగం చోట్ల మారి సగం చోట్ల మిగిలితే ఇంకా ఘోరం. ప్రతి పంపేటప్పుడే పైన ఒక కాగితం పెట్టి, ఈ పేరు అన్నిచోట్లా గుడిదీర్ఘంతోనే ఉండాలని, ఇతరులు తప్పుగా రాసే ఆ రెండు చోట్ల మాత్రం గుడితో ఉండాలని, పేజీ నంబర్లతో సహా రాసివ్వండి. ఎందుకో కూడా చెప్పేయండి, వాళ్ళకి రహస్యం తెలిసినా ఫర్వాలేదు.